ఇడ్లీపిండిలో బి12 ఉందా? పాత ఎపిసోడ్‌లో నేను చెప్పిన తప్పు

  ఈరోజు ఎపిసోడ్ కొంచెం వేరేగా ఉంటుంది. ఎందుకంటే ముందుగా నేను ఒక తప్పు ఒప్పుకోవాలి.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఇడ్లీ మీద ఒక వీడియో చేశాను, మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో ఒక మాట అన్నాను. "మాంసం తినని వాళ్లు బి12 గురించి భయపడక్కర్లేదు, ఇడ్లీపిండి పులిసేటప్పుడు బ్యాక్టీరియా బి12 తయారు చేస్తుంది" అని. అప్పట్లో నాలుగైదు చోట్ల చదివాను, అన్నిట్లో అదే ఉంది, నేనూ అదే చెప్పేశాను. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు ఎవరైనా టెస్ట్ చేయకుండా కోడ్ పంపితే తిట్టేవాణ్ణి. ఇక్కడ నేనే ఆ పని చేశాను.

ఆ వీడియో చూసిన వాళ్లలో మా అమ్మ కూడా ఉంది. అమ్మకు 56 ఏళ్లు. మేముండేది నల్లగొండలో. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఎనిమిదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది. ఈ మందు ఏళ్ల తరబడి వాడితే కొంతమందిలో బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. అందుకే డాక్టరు ముందుజాగ్రత్తగా ఒక బి12 గోళీ రాశారు, అమ్మ రోజూ వేసుకునేది.

ఈ సంక్రాంతికి అమ్మ అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చెప్పింది. ఇంట్లో అందరం షుగర్ వల్లే అనుకున్నాం. టెస్ట్ చేయిస్తే బి12 మిల్లీలీటరుకు 142 పికోగ్రాములు వచ్చింది. మామూలుగా 200 కంటే తక్కువుంటే లోపం అంటారు. "గోళీ వేసుకుంటున్నావు కదా అమ్మా?" అని అడిగాను. అమ్మ ఏమందో తెలుసా?

"నువ్వే చెప్తివి గదరా వీడియోల, ఇడ్లీపిండి పులిస్తే గది తయారైతదని. వారానికి నాలుగుసార్లు ఇడ్లీలే తింటున్నం, రోజూ పెరుగాయె. గందుకే ఆ గోళీలు బంద్ జేసిన."

ఇక నేనేం మాట్లాడను? బి12 నిల్వ కాలేయంలో ఉంటుంది, మామూలుగా ఏళ్ల తరబడి సరిపోతుంది. కానీ అమ్మకు ఆ నిల్వ అప్పటికే అడుగంటి ఉంది. గోళీ ఆపిన కొన్ని నెలలకే బయటపడింది.

అందుకే ఈసారి సరిగ్గా చదువుకుని, ఇంట్లో చూడగలిగింది చూసి మీ ముందుకొచ్చాను. పిండి పులిస్తే, పాలు తోడుకుంటే నిజంగా ఏం జరుగుతుంది? ఏది పెరుగుతుంది? ఏది పెరగదు? ఇదే ఈరోజు విషయం.

ముందు ఇడ్లీపిండి సంగతి చూద్దాం.

మా ఇంట్లో పద్ధతి మీ అందరిదీ అయి ఉంటుంది. ఒక గ్లాసు మినపప్పు నాలుగైదు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బుతాం. రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ కడిగి, నీళ్లు పిండేసి అందులో కలుపుతాం. రాత్రంతా వదిలేస్తాం. ఇందులో తోడు లాంటిదేమీ వేయం. గమనించారా? పెరుగుకు తోడు కావాలి, ఇడ్లీపిండికి అక్కర్లేదు. ఎందుకంటే ఆ బ్యాక్టీరియా పప్పు మీదే ఉంటుంది. ముఖ్యంగా మినపప్పుతో వస్తుంది. నానబెట్టినప్పుడే అవి మేల్కొని పెరగడం మొదలుపెడతాయి.

వీటిలో అసలు పని చేసేది ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బ్యాక్టీరియా. 1960లలోనే శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు. అంతకుముందు, రొట్టె పొంగినట్టే ఇడ్లీ కూడా ఈస్ట్ వల్ల పొంగుతుందని అనుకునేవారు. ఈ ల్యూకోనోస్టాక్ పిండిలో ఉన్న చక్కెరను తిని రెండు ముఖ్యమైన పనులు చేస్తుంది. ఒకటి లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తుంది, దాంతో పులుపు వస్తుంది. రెండోది కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, దాంతో పిండి పొంగుతుంది. పులుపు పెరిగేకొద్దీ దీని జోరు తగ్గుతుంది. అప్పుడు ఎంటరోకాకస్, పీడియోకాకస్ లాంటి పులుపును ఎక్కువగా తట్టుకునేవి అందుకుంటాయి.

ఇది నేను ఇంట్లో చూశాను. ఒక గాజు సీసాలో పిండి పోసి, మట్టం దగ్గర రబ్బరు బ్యాండు పెట్టాను. పక్కనే ఇంకో సీసాలో మినపప్పు లేకుండా ఉత్త ఇడ్లీరవ్వ, నీళ్లు పోశాను. పీహెచ్ పేపరు కూడా కొన్నాను. పీహెచ్ అంటే పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు. రాత్రి తొమ్మిదింటికి మినప్పిండి సీసాలో దాదాపు 6 ఉంది. పొద్దున ఏడింటికి 5 కంటే కిందికి దిగింది. పిండి రబ్బరు బ్యాండు దాటి, ఒకటికి ఒకటిన్నర వంతు దాకా పొంగింది. రవ్వ సీసాలో అడుగున రవ్వ, పైన తేట నీళ్లు. ఒక్క ఇంచు కూడా లేవలేదు.

అంటే గాలి పుడితే సరిపోదు, దాన్ని పట్టి ఉంచేది కూడా కావాలి. మినపప్పులోని ప్రొటీన్లు, ఆ జిగురు పదార్థం కలిసి బుడగల్ని పట్టి ఉంచుతాయి. రవ్వకు ఆ జిగురు లేదు. పాత పప్పు, పొట్టు పాడైన పప్పు వాడితే ఇడ్లీ గట్టిగా రావడానికి కారణం ఎక్కువసార్లు ఈ జిగురు తగ్గడమే.

మన దగ్గర ఇంకో సమస్య ఉంది, అది ఎండ. నల్లగొండలో మే నెలలో ఎండ ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. అప్పుడు "పిండి పుల్లగా అయింది గానీ పొంగలేదు" అంటారు. దీనికీ కారణం అదే బ్యాక్టీరియా. ల్యూకోనోస్టాక్‌కు 20 నుంచి 30 డిగ్రీల మధ్య వాతావరణం ఇష్టం. అంతకంటే బాగా వేడెక్కితే గాలి వదలకుండా ఉత్త పులుపు చేసే బ్యాక్టీరియాదే పైచేయి అవుతుంది. అందుకే పులుపు ముందు వచ్చేస్తుంది, పొంగు రాదు. ఎండాకాలం చల్లటి నీళ్లతో రుబ్బి, తడిగుడ్డ చుట్టిన గిన్నెలో పెట్టి, ఐదారు గంటలకే చూసుకుని ఫ్రిజ్‌లో పెట్టేయాలి. చలికాలం దీనికి తలకిందులు, పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు కూడా పడుతుంది.

పాడైన పిండిని ఎలా గుర్తుపట్టాలి? పులుపు వాసన మామూలే. కానీ గులాబీ, నారింజ రంగు మచ్చలు, నల్లటి లేదా పచ్చటి బూజు కనిపిస్తే పైపైన తీసేసి వాడొద్దు, మొత్తం పారేయండి. కుళ్లిన వాసన వచ్చినా అంతే.

సరే, ఇప్పుడు పోషకాల సంగతికొద్దాం. పులిస్తే నిజంగా మనకు ఏం లాభం?

మొదటిది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది, ఐరన్. పులిస్తే ఐరన్ పెరగదు. పిండిలో ఎంత ఉందో అంతే ఉంటుంది. లోహం కదా, బ్యాక్టీరియా దాన్ని పుట్టించలేదు. మారేది ఏంటంటే, అందులో మనకు అందేది. ధాన్యాల్లో, పప్పుల్లో ఫైటిక్ ఆమ్లం అని ఒకటుంటుంది. గింజ తన ఫాస్ఫరస్‌ను దాచుకునే పద్ధతి అది. ఈ ఫైటిక్ ఆమ్లం ఐరన్‌ను, జింక్‌ను గట్టిగా పట్టేసుకుంటుంది. మన పేగుల్లో దాన్ని విడదీసే ఏర్పాటు దాదాపుగా లేదు. అందుకే తిన్న ఐరన్‌లో చాలా భాగం తిన్నట్టే బయటికి పోతుంది.

దీన్ని విరగ్గొట్టే ఎంజైమ్ గింజలోనే ఉంది, పేరు ఫైటేజ్. అది బాగా పనిచేయాలంటే మూడు కావాలి. నీళ్లు, సమయం, కొంచెం పులుపు. పీహెచ్ 5 దగ్గర అది చురుగ్గా ఉంటుంది. చూడండి, పులిసే పిండిలో సరిగ్గా ఈ మూడూ ఉన్నాయి. రాత్రంతా ఫైటేజ్ పని చేసి, ఫైటిక్ ఆమ్లంలో కొంత భాగాన్ని విడగొడుతుంది. మొత్తం పోదు గానీ తగ్గుతుంది.

ఇక్కడ మన పాలమూరు సంగతి చెప్పాలి. మా అమ్మమ్మది దేవరకద్ర వైపు ఊరు. అక్కడ వాళ్ల చిన్నతనంలో ఇడ్లీ అంటే హోటల్ తిండి. ఇంట్లో రోజూ తినేది జొన్న. జొన్నరొట్టె, జొన్న గట్క, ఎండాకాలం జొన్న అంబలి. అమ్మమ్మ అంబలి ఎలా చేసేదంటే, జొన్నపిండి రాత్రే నీళ్లలో కలిపి కుండలో ఉంచేది. పొద్దునకు పులిసేది. దాన్ని మరిగే నీళ్లలో పోసి, ఉండకట్టకుండా కలుపుతూ ఉడికించేది. చల్లారాక సల్ల పోసి, ఉప్పు, ఉల్లిగడ్డ వేసి ఇచ్చేది.

ఇప్పుడు రొట్టెను, అంబలిని పక్కపక్కన పెట్టి చూడండి. పిండి ఒకటే, ఐరన్ ఒకటే. రొట్టెకు వేడినీళ్లు పోసి పిసికి వెంటనే పెనం మీద కాలుస్తాం. ఫైటేజ్‌కు సమయమే దొరకదు, పైగా వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. అంబలికి రాత్రంతా సమయం ఇచ్చి ఆ తర్వాత ఉడికిస్తాం. అందుకే అదే జొన్నలోని ఐరన్, జింక్ రొట్టె కంటే అంబలిలో ఎక్కువ అందుబాటులోకి వస్తాయి. ఇంకో విషయం, జొన్నను పొట్టుతో సహా ఆడిస్తాం కాబట్టి ఫైటిక్ ఆమ్లం ఎక్కువ. ఇడ్లీరవ్వ పాలిష్ పట్టిన బియ్యంతో చేస్తారు, అందులో ముందే తక్కువ. అంటే పులియబెట్టడం వల్ల వచ్చే ఈ లాభం ఇడ్లీ కంటే అంబలికే పెద్దది.

కాకపోతే ఒక జాగ్రత్త. ఇంత చేసి, తిన్న వెంటనే ఒక గ్లాసు చిక్కటి చాయ్ తాగితే, చాయ్‌లోని టానిన్లు మళ్లీ ఆ ఐరన్‌ను పట్టేస్తాయి. గంట ఆగి తాగండి.

రెండో లాభం, బి విటమిన్లలో కొన్ని. ఇడ్లీపిండి పులిసినప్పుడు బి1, బి2 కొంత పెరిగినట్టు ప్రయోగాల్లో కనిపించింది. ఎంత పెరుగుతుందనేది పప్పును బట్టి, వేడిని బట్టి మారుతుంది. ఆవిరి మీద ఉడికించినప్పుడు అందులో కొంత పోతుంది కూడా. కాబట్టి దీన్ని చిన్న లాభంగా చూడండి.

మూడోది పెరుగు. పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక అరలీటరుకు ఒక చెంచా తోడు వేస్తాం. బ్యాక్టీరియా పాలలోని చక్కెరను, అంటే లాక్టోజ్‌ను తిని లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. పాల పీహెచ్ 6.6 దగ్గర మొదలై 4.6కు దిగేసరికి కేసిన్ అనే పాల ప్రొటీన్ గడ్డకడుతుంది. అదే పెరుగు. ప్రొటీన్, కాల్షియం పాలలో ఎంతో పెరుగులో అంతే. లాక్టోజ్ మాత్రం పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది. మిగిలినదాన్ని అరిగించే ఎంజైమ్ కూడా ఆ బ్యాక్టీరియా తనతో తెస్తుంది. పాలు తాగితే కడుపు ఉబ్బేవాళ్లకు పెరుగు పడటానికి కారణం ఇదే. ఇంకా, పెరుగులోని స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోకాకస్ లాంటివి ఫోలేట్ అనే విటమిన్‌ను తయారు చేయగలవు. ఈ ఫోలేట్ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఇక బతికున్న బ్యాక్టీరియా సంగతి. "ఇడ్లీ ప్రోబయోటిక్" అని చాలామంది అంటున్నారు. ఇడ్లీ కుక్కర్‌లో పది పన్నెండు నిమిషాలు ఆవిరి మీద ఉంటుంది. ఆ బ్యాక్టీరియా అంతా చనిపోతుంది. దోశ కూడా అంతే, అంబలి కూడా ఉడికించాక అంతే. అంబలిలో బతికున్నవి ఏవైనా ఉంటే అవి చల్లారాక పోసిన సల్ల నుంచి వచ్చినవే. పచ్చి పెరుగులో, సల్లలో బతికే ఉంటాయి. మజ్జిగపులుసు మరిగిస్తే ఉండవు. పిండిలో బ్యాక్టీరియా చేసిన పని మాత్రం మిగులుతుంది. అంటే ఇడ్లీలో పనివాళ్లు ఉండరు, వాళ్లు చేసిన పని ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, బి12.

బి12ను మొక్కలు చేయలేవు, జంతువులు చేయలేవు. కొన్ని బ్యాక్టీరియాలు, ఆర్కియా అనే సూక్ష్మజీవులు మాత్రమే చేయగలవు. ఇది వినగానే "అయితే పులిసిన పిండిలో బ్యాక్టీరియా ఉంది కాబట్టి బి12 ఉంటుంది" అనిపిస్తుంది. నేను పడ్డది సరిగ్గా ఈ గుంటలోనే. "కొన్ని బ్యాక్టీరియాలు" అన్న మాటను "అన్ని బ్యాక్టీరియాలు" అని చదువుకున్నాను.

బి12 చాలా పెద్ద అణువు, మధ్యలో కోబాల్ట్ ఉంటుంది. దాన్ని కట్టడానికి ఒక బ్యాక్టీరియాకు దాదాపు ముప్పై జన్యువులు కావాలి. ఇడ్లీపిండిలో, పెరుగులో పనిచేసే లాక్టిక్ బ్యాక్టీరియాకు సాధారణంగా ఆ జన్యువులు ఉండవు. కొన్నిటికైతే బి12 బయటినుంచి దొరక్కపోతే పెరుగుదలే ఆగిపోతుంది. ఎంతగా అంటే, చాలా ఏళ్లు ల్యాబుల్లో ఆహారంలో బి12 కొలవడానికి ఒక లాక్టిక్ బ్యాక్టీరియానే వాడారు. దాని పాత పేరు లాక్టోబాసిల్లస్ లీష్‌మనీ. ఇప్పుడు దాన్ని డెల్‌బ్రూకీ జాతిలో కలిపారు. మన పెరుగులో ఉండే బల్గారికస్ కూడా అదే జాతి. ఆ బ్యాక్టీరియాను ఆహారపు రసంలో వేస్తారు. ఎంత పెరిగితే అందులో అంత బి12 ఉన్నట్టు లెక్క. ఎందుకంటే అది సొంతంగా చేసుకోలేదు.

మరి కొన్ని చోట్ల పులిసిన ఆహారంలో బి12 ఉందని అంకెలు ఎందుకు కనిపిస్తాయి? ఒక కారణం ఆ పరీక్షలోనే ఉంది. బి12లా కనిపించే ఇంకో పదార్థం ఉంటుంది, సూడో బి12 అంటారు. ఆ బ్యాక్టీరియా దాన్ని చూసినా పెరుగుతుంది, పరీక్షలో అంకె ఎక్కువ వస్తుంది. మా భాషలో చెప్పాలంటే ఫాల్స్ పాజిటివ్. కానీ మన కడుపులో బి12ను పట్టుకుని పేగు దాకా తీసుకెళ్లే ప్రొటీన్‌కు ఈ నకిలీ సరిగ్గా అతకదు. కాబట్టి ఒంటికి పట్టదు. లాక్టోబాసిల్లస్ రియుటెరీ అనే బ్యాక్టీరియా బి12 చేస్తుందని 2003లో ప్రచురించారు. చాలా సంతోషించారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే అది చేసేది సూడో బి12 అని తేలింది.

నిజమైన బి12 చేసే పులుపులు లేవా అంటే, ఉన్నాయి. స్విస్ చీజ్‌లో వాడే ప్రొపియోనిబ్యాక్టీరియం చేస్తుంది. కానీ అది నెమ్మదిగా పెరుగుతుంది, రోజులు, వారాలు కావాలి. మన పిండికి ఉండేది ఒక్క రాత్రి. ఇండోనేషియాలో సోయాతో చేసే టెంపేలో బి12 దొరికింది. అది టెంపేను తయారు చేసే బూజు వల్ల కాదు, పక్కన చేరిన వేరే బ్యాక్టీరియా వల్ల. ఒక చోట ఉంటుంది, ఇంకో చోట ఉండదు. దాన్ని నమ్ముకుని గోళీ మానలేం.

"మరి పెరుగులో బి12 ఉంటుంది కదా?" అని మీరు అడగొచ్చు. ఉంటుంది. కానీ అది పాలనుంచి వచ్చింది, తోడువల్ల రాలేదు. పాలలోకి ఎలా వచ్చింది? బర్రె కడుపులో రూమెన్ అనే పెద్ద సంచి ఉంటుంది. తిన్న గడ్డి అక్కడ పులుస్తుంది. అక్కడి సూక్ష్మజీవులు నిజమైన బి12 చేస్తాయి. అది కింద పేగులో ఒంటికి పట్టి, రక్తంలోంచి పాలలోకి వస్తుంది. అంటే పెరుగులో బి12 పులియడం వల్లే వచ్చింది, నిజమే. కానీ ఆ పులియడం బర్రె కడుపులో జరిగింది, మన గిన్నెలో కాదు. మన గిన్నెలో అది పెరగదు, పైగా కొన్ని తోడు బ్యాక్టీరియాలు అందులో కొంత వాడేసుకుంటాయి.

ఇప్పుడు మా అమ్మ ఒకరోజు తిండి లెక్క వేద్దాం. పెద్దవాళ్లకు రోజుకు రెండు మైక్రోగ్రాముల పైచిలుకు బి12 కావాలి. వంద మిల్లీలీటర్ల పాలలో సుమారు 0.4 మైక్రోగ్రాములు ఉంటుంది. అమ్మ పొద్దున నాలుగు ఇడ్లీలు, చట్నీ తింటుంది, బి12 సున్నా. చాయ్‌లో రెండు పూటలా కలిపి వంద మిల్లీలీటర్ల పాలు, అంటే 0.4. ఆ పాలు రెండుమూడు సార్లు మరిగించాం కాబట్టి ఇంకా తక్కువే. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, సున్నా. ఆఖర్న ఒక గ్లాసు పలుచటి సల్ల. అందులో అసలు పెరుగు యాభై గ్రాములుంటే ఎక్కువ, అంటే 0.2. మొత్తం వేస్తే 0.6 దాటదు. అందులోంచి కూడా మెట్‌ఫార్మిన్ వల్ల పట్టేది తగ్గుతుంది. "రోజూ పెరుగాయె" అన్న అమ్మ మాట అబద్ధం కాదు, కానీ లెక్క సరిపోలేదు.

ఇంకొక్క విషయం చెప్పాలి, ఇది నన్ను నిజంగా భయపెట్టింది. అమ్మ హిమోగ్లోబిన్ 12.4, అంటే బాగుంది. అందుకే రక్తం బాగుందని మేము ధీమాగా ఉన్నాం. ఫోలేట్ మాట గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఇప్పుడు దాని దగ్గరికి వద్దాం.

ఫోలిక్ యాసిడ్ కథలో మన తెలుగాయన ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన బృందం 1940ల మధ్యలో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారు చేసింది. అప్పటికి బి12ను ఎవరూ వేరు చేయలేదు, అది జరిగింది 1948లో. పెర్నీషియస్ అనీమియా అనే జబ్బుకు, అంటే బి12 ఒంటికి పట్టకపోవడం వల్ల వచ్చే జబ్బుకు, డాక్టర్లు ఈ కొత్త ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. రక్తం బాగైంది. కానీ కొందరిలో నరాల జబ్బు ఆగలేదు, ముదిరింది కూడా. ఎందుకంటే రక్తకణాలు తయారవడానికి ఫోలేట్ ఎక్కువుంటే ఎలాగో బండి నడుస్తుంది. నరాల మీది పొరను కాపాడే పని మాత్రం బి12దే, దాన్ని ఫోలేట్ చేయలేదు.

మన ఊళ్లలో పంచే ఐరన్ మాత్రల్లో ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, బి12 ఉండదు. అవి రక్తహీనతకు మంచివే, మానొద్దు. పప్పులు, ఆకుకూరలు తినేవాళ్లకు ఫోలేట్ బాగానే అందుతుంది. అందుకే శాకాహారుల్లో ఒక్కోసారి రక్తపరీక్ష బాగానే ఉంటుంది, లోపల నరాలు దెబ్బతింటూ ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లలో తిమ్మిర్లు వస్తే అందరూ షుగర్ మీదికే నెట్టేస్తారు. మా ఇంట్లో జరిగింది అచ్చంగా ఇదే. హిమోగ్లోబిన్ బాగుందంటే బి12 బాగుందని కాదు. దానికి విడిగా పరీక్ష ఉంది.

మీకు నేను చెప్పేది ఇంతే. పాలు, గుడ్లు, మాంసం, చేపలు తక్కువ తినేవాళ్లు, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, అరికాళ్లలో తిమ్మిర్లు, నడుస్తుంటే తూలడం, మతిమరుపు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి బి12 పరీక్ష చేయించుకోండి. గుడ్డు తినేవాళ్లయితే ఒక గుడ్డులో సుమారు అర మైక్రోగ్రాము ఉంటుంది. తినని వాళ్లకు పాలు, పెరుగు బాగా పెంచాలి, లేదా గోళీ వేసుకోవాలి. మెట్‌ఫార్మిన్ మాత్రం మీరే ఆపేయకండి. అమ్మ బి12 గోళీ ఆపినట్టే అవుతుంది అది కూడా.

అమ్మకు ఇంజెక్షన్లు వేశారు, ఇప్పుడు మళ్లీ గోళీకి వచ్చింది. తిమ్మిర్లు తగ్గుతున్నాయి గానీ పూర్తిగా పోలేదు. నరాలు నెమ్మదిగా కోలుకుంటాయి, ఆలస్యమైతే కొంత మిగిలిపోవచ్చు అని డాక్టరు చెప్పారు. పాత వీడియో తీసేశాను. ఇడ్లీ మానలేదు, వారంలో రెండు రోజులు అమ్మమ్మ పద్ధతిలో అంబలి కూడా చేసుకుంటున్నాం.

ఈ వీడియో రికార్డు చేసేముందు అమ్మకు స్క్రిప్టు చదివి వినిపించాను. అంతా విని ఒకటే అడిగింది: "మరి గీ వీడియోల జెప్పేదైనా నిజమేనా, లేకుంటే వచ్చే ఏడాది దీన్ని గూడ తీసేస్తవా?"

అడగాల్సిన ప్రశ్నే. మీరూ అలాగే అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.